మటన్ ముక్క ఎర్రగా వేగడం లేదా? వేగినా పీచులా అవుతోందా?

ఇది కూర ముక్కల గురించి కాదు. బొటనవేలంత మందాన కోయించుకున్న తొడ ముక్కలు, చాప్స్ లాంటివి అట్ల పెనం మీద కాల్చుకునేవాళ్ల కోసం. ముసలి పొట్టేలు మాంసమైతే ఇలా కాల్చినా నమలలేం, దాన్ని కూరకే వదిలేయండి. లేత పొట్టేలు కావాలని కొట్టులో ముందే అడగండి.

సమస్య: ముక్క వేయగానే నీళ్లూరి, బూడిద రంగులో ఉడికిపోతోంది

కారణం దాదాపు ఎప్పుడూ తడే. మన కావలి, ఒంగోలు వైపు ఆదివారం పొద్దున తెచ్చిన మటన్‌ను ఉప్పు పసుపు వేసి రెండు మూడు నీళ్లు కడిగి, చిల్లుల గిన్నెలో కాసేపు వార్చి పొయ్యెక్కిస్తాం. కూరకి ఇబ్బంది లేదు. పెనం మీద మాత్రం ముక్క పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే పొయ్యి ఇచ్చే వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ముక్క ఎర్రబడడమేమో 140 డిగ్రీల చుట్టుపక్కల నుంచి జోరందుకుంటుంది. మాంసంలోని అమినో ఆమ్లాలు, కొద్దిపాటి చక్కెరలు ఆ వేడికి కలిసి ఆ రంగునీ, మనకి నోరూరించే ఆ వాసననీ పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ పేరుమీద మయార్ చర్య అంటారు.

ఏం చేయాలంటే, కడిగిన ముక్కల్ని పాత నూలు గుడ్డతో గట్టిగా అద్దండి, గుడ్డకి తడి అంటడం ఆగేదాకా. తీరిక ఉంటే ముందురోజు రాత్రే ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో పళ్లెంలో ఉంచండి. పొద్దునకి పైపొర చేతికి పొడిగా, కొంచెం జిగటగా తగులుతుంది, అదే కావాల్సింది. ఫ్రిజ్ కాకుండా బయట ఆరబెడదామంటే మన ఉక్కపోతకి ఆరదు సరికదా, పాడవుతుంది. ఉప్పు రాసి పది నిమిషాలకే పెనం మీద వేయడం అన్నిటికంటే చెడ్డ పని. అప్పటికి ఉప్పు నీటిని బయటికి లాగి ఉంటుంది కానీ అది మళ్లీ లోపలికి ఇంకి ఉండదు. అయితే ముందురోజు, లేదంటే పెనం మీద వేసే క్షణంలో.

పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి కాలుస్తామంటే ముక్క కంటే ముందు వెల్లుల్లి మాడుతుంది. ఆ మసాలా వేపుడుకి దాచుకోండి.

ఇనప పెనం బాగా కాగనిచ్చి, శెనగ నూనె ఒక్క చెంచా వేసి, అరకిలో ఉంటే రెండు వాయిలుగా, ముక్కకీ ముక్కకీ వేలెడు సందు ఉంచి వేయండి. కిక్కిరిస్తే పెనం చల్లబడి మళ్లీ నీళ్లే. చుయ్‌మనే చప్పుడు మెత్తబడిందంటే పెనం నీరసించిందని గుర్తు. ముక్క అంటుకుందని గరిటెతో పీకొద్దు, ఎర్రబడ్డాక తేలిగ్గా ఊడి వస్తుంది.

సమస్య: నాలుగు వైపులా ఎర్రగా కాల్చి రసం లోపలే బంధించాను, అయినా లోపల ఎండిపోయింది

బంధించడమే జరగదు. 1847లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పిన మాట ఇది: పైన పొర గట్టిపడి రసాన్ని ఆపుతుందని. వంటవాళ్లు పట్టేసుకున్నారు. 1930ల్లోనే తూచి చూస్తే, ముందుగా ఎర్రగా కాల్చిన మాంసం కాల్చనిదానితో సమానంగానో, కొంచెం ఎక్కువగానో బరువు తగ్గింది. తూచే పనిలేకుండానే మీకూ తెలుస్తుంది. ఎర్రబడ్డ ముక్క పెనం మీద ఇంకా చుయ్‌మంటూనే ఉంటుంది కదా, ఆ చప్పుడు బయటికొస్తున్న నీరు ఆవిరవుతున్నది. తీసి పళ్లెంలో పెడితే కింద ఎర్రటి ఊట చేరుతుంది. పొర నిజంగా మూసేసుంటే ఇదెక్కడిది?

రసం పోవడానికి అసలు కారణం లోపలి వేడి. 60 డిగ్రీలు దాటేకొద్దీ మాంసపు నారలు, వాటిని చుట్టిన పొరలు ముడుచుకుని నీటిని బయటికి పిండుతాయి. 75 దాటితే ఎంత అందంగా ఎర్రబడ్డా పీచే.

అందుకని పెద్ద మంట రంగు కోసమే, వైపుకి సుమారు రెండు నిమిషాలు. తర్వాత మంట బాగా తగ్గించి, మాటిమాటికీ తిప్పుతూ ఉడకనివ్వండి. మాంసం థర్మామీటర్ ఉంటే ముక్క పక్క నుంచి మధ్యలోకి గుచ్చి, 63 చూపగానే దించి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. మా ఇళ్లలో పెద్దవాళ్లు లోపల గులాబీ రంగు కనిపిస్తే ముట్టరు, వాళ్లకి 70 దాకా పోనివ్వండి, కాస్త రసం పోతుంది, తప్పదు.

సమస్య: పైన నల్లగా, చేదుగా, లోపల పచ్చిగా

మంట తగ్గించడం ఆలస్యమైంది. ఎరుపు దాటి నలుపైతే అది మాడు, రుచి కాదు. కత్తితో పైన గీకేసి, చిన్న మంట మీద మూతపెట్టి పూర్తి చేయండి. పెనంలో అంటిన గోధుమరంగు చెక్కును మాత్రం కడిగి పారబోయొద్దు, అరగ్లాసు నీళ్లు పోసి గరిటెతో గీకి ఉల్లిపాయ వేపుట్లో పోసుకోండి. నల్లగా మాడిందైతే పారేయాల్సిందే.