లోపల ఏమీ లేకపోయినా మళ్లీ మళ్లీ మలం వస్తున్నట్టు ఎందుకుంటుంది? నా అనుభవం

రోజుకు పది పన్నెండు సార్లు టాయిలెట్‌కి పరుగెత్తేవాణ్ణి. పొత్తికడుపు మెలిపెట్టేది. ఎంత ముక్కినా కాస్త జిగురు, ఒక్కోసారి రక్తపు చారలు, అంతే. లేచిన రెండు నిమిషాలకే ఇంకా మిగిలిపోయిందనిపించేది. మలబద్ధకం అనుకుని రెండు వారాలు విరేచనం అయ్యే మందు వాడాను. అది నా పొరపాటు, నొప్పులు ఇంకా పెరిగాయి.

రక్తానికి భయపడి గ్యాస్ట్రో డాక్టర్‌ని కలిశాను. మలపరీక్షలో అమీబా, బాక్టీరియా ఏవీ లేవు. కెమెరా గొట్టంతో చూస్తే పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళం లోపలి పొర ఎర్రగా వాచి ఉంది. బయాప్సీ తర్వాత అల్సరేటివ్ ప్రొక్టైటిస్, అంటే పురీషనాళంలో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు అని తేల్చారు.

ఆయన చెప్పింది విన్నాకే నాకు అర్థమైంది. మలం చేరి పురీషనాళం గోడ సాగితే, అక్కడి నరాలు మెదడుకు కబురు పంపుతాయి. వాపు ఉంటే గోడ సాగే గుణం తగ్గుతుంది, నరాలు అతిగా స్పందిస్తాయి. కొద్దిగా గాలి, జిగురు చేరినా నిండిపోయిందనే కబురు వెళ్తుంది. కండరం బిగుసుకుంటుంది, ఆ మెలిపెట్టే నొప్పి అదే. బయటికి రావడానికి ఏమీ లేదు కాబట్టి ముక్కడం వల్ల తీరదు. దీన్నే టెనెస్మస్ అంటారట.

రాత్రి పడుకునే ముందు 1 గ్రాము మెసలమైన్ సపోజిటరీ మలద్వారంలో పెట్టుకోమన్నారు. మందు నేరుగా వాపు మీదే పనిచేస్తుంది. రెండో వారంలో రక్తం ఆగింది, నాలుగో వారానికి ఆ తొందర పోయింది. తగ్గింది కదా అని నేనే మానేస్తే నెలన్నరకే తిరిగొచ్చింది. ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టే కొనసాగిస్తున్నాను.

అమీబా విరేచనాల్లోనూ, పురీషనాళంలో క్యాన్సర్ గడ్డ ఉన్నా ఇలాగే అనిపిస్తుంది. వాటి వైద్యం వేరు, కాబట్టి నా మందు చూసి కొనుక్కోకండి, ముందు పరీక్ష చేయించుకోండి.