ఫ్రెంచ్ ప్రెస్‌లో కాఫీ చేదెక్కకుండా

మల్కాజిగిరిలో మా అక్క వాళ్లింట్లో ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ ఎప్పుడు చేసినా చేదుగా, అడుగున బురదలా ఉండేది. కాఫీని వడకట్టే జాలీ ఉన్న కడ్డీని, అంటే ప్లంజర్‌ను, కిందికి నొక్కుతుంటే మధ్యలోనే బిగుసుకుపోయేది. చూస్తే వాడుతున్నది చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి. అంత మెత్తటి పొడి జాలీని మూసేస్తుంది, కొంత జాలీలోంచి కప్పులోకీ వచ్చేస్తుంది. అలా బిగిసినప్పుడు బలంగా నొక్కితే వేడి కాఫీ పైకి చిమ్ముతుంది. ప్లంజర్‌ను కాస్త పైకి లాగి, మళ్లీ నెమ్మదిగా దించాలి.

కాఫీ గింజలు మర పట్టే కొట్టులో చికోరీ లేకుండా, ఇడ్లీ రవ్వంత బరకగా పట్టించాం. అరలీటరు నీళ్లకు 30 గ్రాముల పొడి. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోసి, టైమర్ పెట్టాం. 4 నిమిషాలకు పైన తేలిన పొడిని చెంచాతో కదిపితే చాలావరకు కిందికి దిగింది. మిగిలిన నురగ తీసేశాం. ఇంకో రెండు నిమిషాలు ఆగితే సన్నటి నలుసులు కూడా అడుగుకు చేరతాయి. తొందరలో అందరూ వదిలేసేది ఇదే.

ప్లంజర్ అడుగుదాకా నొక్కి పొడిని పిండకూడదు, మడ్డి మళ్లీ పైకి లేస్తుంది. పొడికి కాస్త పైనే ఆపాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే పొడి మరీ బరకైందని అర్థం, కాఫీ పలచగా, పుల్లగా ఉంటుంది.

నొక్కిన వెంటనే కాఫీ మొత్తం ఫ్లాస్కులోకి వంచేయాలి. ప్రెస్‌లోనే ఉంచితే రెండో కప్పు చేదెక్కుతుంది.