ఇల్లు చూపించకముందే అడ్వాన్సు అడిగే ‘ఓనరు’కు ఏమని జవాబివ్వాలి?

కావలసినవి ఎక్కువేమీ లేవు. ప్రకటన, ఫొటోలు, అవతలి మనిషి నంబరు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత అతను ప్రకటన తొలగించినా మీ దగ్గర ఆధారం ఉంటుంది. ఫోనులో మాట్లాడవద్దు, రాతలోనే జవాబివ్వండి. మాటల్లో తొందరపెట్టినంత సులువుగా రాతలో తొందరపెట్టలేరు.

మంచిర్యాల నుంచి ఉద్యోగానికి వస్తున్న మా మేనల్లుడికి ఎదురైనదే ఉదాహరణగా చెబుతాను. హన్మకొండ నయీంనగర్‌లో రెండు పడకగదుల ఫ్లాటు, అద్దె 7,000. ‘ఓనరు’ సైన్యంలో ఉన్నాడట, జమ్మూలో పోస్టింగ్ అట. రెండు నెలల అడ్వాన్సు 14,000 పంపితే తాళంచెవులు కొరియర్ చేస్తానన్నాడు. నచ్చకపోతే మొత్తం వాపసు ఇస్తాడట. అలాంటి ఇంటికి ఆ చుట్టుపక్కల అడిగే అద్దె కంటే ఇది బాగా తక్కువ. అక్కడే సగం సంగతి తెలిసిపోవాలి.

మొదటి జవాబు ఇలా రాయించాను:

“నమస్తే సార్. ఇల్లు లోపల చూశాకే అడ్వాన్సు ఇస్తాను. ఆదివారం ఉదయం 10 గంటలకు వస్తాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వారి నంబరు పంపండి.”

ఇంతే. కారణాలు చెప్పకూడదు, అనుమానం బయటపెట్టకూడదు. నిజమైన ఓనరు దుబాయిలో ఉన్నా ఇక్కడ తమ్ముడో, బావమరిదో, వాచ్‌మనో, ఎదురింటివారో ఒకరు తాళంచెవితో ఉంటారు. ఇల్లు అద్దెకు ఇవ్వాలనుకున్నవారికి అది పెద్ద కోరికేమీ కాదు.

అసలు చిక్కు ఈ జవాబు తర్వాతే మొదలవుతుంది. చాలామంది ఇక్కడే పడిపోతారు. మనిషి నంబరు అడిగితే అతను కార్డులు పంపుతాడు: ఆధార్, సైనిక గుర్తింపు కార్డు, యూనిఫాంలో ఫొటో. చూడగానే మనసు మెత్తబడుతుంది. ఆ కార్డు అసలుదే కావచ్చు కానీ అతనిది కాకపోవచ్చు. ఇంతకుముందు ఇలాగే మోసపోయినవారు నమ్మి పంపిన కార్డునే మీకూ పంపి ఉండవచ్చు. అందుకే “ముందు ఆధార్ అడుగు” అని సలహా ఇచ్చేవారంటే నాకు చిరాకు. మీ ఆధార్ కూడా పంపవద్దు.

కార్డులు పనిచేయకపోతే మొత్తం దిగుతుంది. 14,000 కాస్తా 2,000 అవుతుంది. “గేట్ పాస్ కోసం, చూశాక వాపసు” అంటాడు. అదీ కుదరకపోతే “నేనే మీకు డబ్బు వేస్తాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అంటాడు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందని అర్థం. 1 రూపాయి పరీక్ష అన్నా ఇదే సంగతి.

రెండో జవాబు:

“కార్డులు అవసరం లేదు సార్. మీ కరెంటు మీటరు సర్వీసు నంబరు, తాళం తీసే మనిషి పేరు పంపండి. అడ్వాన్సు ఇంట్లోనే చేతికి ఇస్తాను.”

దొంగిలించిన ఫొటోల్లో సాధారణంగా మీటరు ఉండదు. ఒకవేళ నంబరు వస్తే, బిల్లు కట్టే యాప్‌లో ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థను ఎంచుకుని ఆ నంబరు కొట్టండి. కనెక్షన్ ఎవరి పేరున ఉందో సాధారణంగా కనిపిస్తుంది. ఆ పేరు కలవనంత మాత్రాన దొంగ అనలేం. మీటరు ఇంకా బిల్డరు పేరునో, చనిపోయిన తండ్రి పేరునో ఉన్న ఇళ్లు ఎన్నో. కలిసినా డబ్బు పంపవద్దు. మెట్ల కింద మీటర్ల వరుసను దారిన పోయేవారెవరైనా ఫొటో తీయగలరు. ఈ నంబరు ఆదివారం మీరు వెళ్లాలో వద్దో తేల్చుకోవడానికి మాత్రమే.

మేనల్లుడి ‘ఓనరు’ సర్వీసు నంబరు పంపలేదు. “ఇంకో పార్టీ డబ్బు వేస్తోంది, పది నిమిషాల్లో చెప్పు” అన్నాడు. దీనికి జవాబు: “అయితే వారికే ఇవ్వండి సార్.” ఆ తర్వాత బ్లాక్ చేయాలి. కొందరు యువకులు ఇక్కడ తిట్లు లంకించుకుంటారు, ఆట పట్టిస్తారు. మీ పేరు, నంబరు, ఒక్కోసారి ఫొటో కూడా అతని దగ్గర ఉన్నాయి. ఆ సరదా మనకెందుకు?

నిజంగా ఎవరైనా తాళం తీసి చూపించినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ఖాళీ చేస్తున్న పాత కిరాయిదారే ఓనరునని చెప్పి నలుగురి దగ్గర అడ్వాన్సు తీసుకోవచ్చు. పక్క ఫ్లాటు తలుపు తట్టి “ఈ ఇల్లు ఎవరిదండీ?” అని అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.

డబ్బు పోలేదు, కేవలం మోసగాడు తగిలాడు అంటే sancharsaathi.gov.in లోని చక్షు విభాగంలో అతని నంబరు నమోదు చేయండి. ఇప్పటికే పంపేసి ఉంటే అతనితో వాదిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాల మధ్య చేతులు మారిపోతుంది. మొదట తీసిన స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబరు అక్కడ అడుగుతారు.