వానలకు ముందే హాట్ ఎయిర్ లైన్‌లోని థర్మోవెల్ చూసుకోండి

మృగశిర కార్తె వచ్చేలోపు, ఆరుబయట నడిచే హాట్ ఎయిర్ లైన్ల మీది థర్మోవెల్‌లను, అంటే వేడి కొలిచే సెన్సర్‌ను లోపల ఉంచుకుని పైపులోకి దిగే లోహపు గొట్టాలను, ఒకసారి చూసుకోండి. ఒక వానాకాలం మా డ్రైయర్‌కు వెళ్లే గాలి 139 డిగ్రీలే చూపిస్తోందని ఆపరేటర్ హీటర్ పెంచాడు. లోపల గాలి అప్పటికే 150 దగ్గర ఉంది. థర్మోవెల్ లోపలి సెన్సర్ అయిన ఆర్టీడీని తీసి కాలిబ్రేషన్ చేస్తే దాంట్లో ఏ తప్పూ లేదు. అది తన మొన దగ్గరి వేడిని సరిగ్గానే చెబుతోంది. ఆ మొనే గాలి అంత వేడిగా లేదు.

థర్మోవెల్‌కు గాలి నుంచి వచ్చిన వేడిలో కొంత దాని లోహపు కాడ వెంట నడిచి పైపు గోడకు చేరుతుంది. పైపు చుట్టూ వేడి పోకుండా చుట్టిన లాగింగ్ బాగుంటే గోడ కూడా వేడిగానే ఉంటుంది కాబట్టి పోయేది తక్కువ. దాని పై రేకు క్లాడింగ్ చిరిగి లోపలి గ్లాస్ వూల్ తడిస్తే గోడ చల్లబడుతుంది, కాడ వెంట లాగుడు పెరుగుతుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ మీది ఫిన్ చేసే పనే ఇదీ. అక్కడ అది మనకు కావాలి, ఇక్కడ అదే మన కొలతను చెడగొడుతుంది. అందుకే లెక్క కూడా ఫిన్ లెక్కే:

```
m = sqrt(h*P / (k*A))
Tf - Tt = (Tf - Tw) / cosh(m*L)
```

Tf గాలి వేడి, Tt మొన వేడి, Tw కాడ మొదట్లో పైపు గోడ వేడి. h గాలి నుంచి కాడకు వేడి చేరే గుణకం, P కాడ చుట్టుకొలత, k లోహపు ఉష్ణ వాహకత, A లోహం అడ్డుకోత వైశాల్యం. L గాలి తగిలే పొడవు.

మా థర్మోవెల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, బయటి వ్యాసం 12 మి.మీ., లోపలిది 9. పైపులోకి వెళ్లింది 50 మి.మీ. మాత్రమే. గాలి వేగం సెకనుకు 5 మీటర్ల దగ్గర ఉంటే h సుమారు 60 W/m²K, స్టీలుకు k సుమారు 16 W/mK. దీంతో m 53కు కాస్త పైన, mL 2.67, cosh విలువ 7.26 వస్తాయి. పొడి రోజుల్లో గోడ 140 ఉంటే మొన 1.4 డిగ్రీలు తక్కువ చూపుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వాన తడికి గోడ 70కి దిగితే తేడా 80ని 7.26తో భాగించినంత, అంటే 11 డిగ్రీలు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పొడవాటి ఫిన్ కదా అని అనంతమైన ఫిన్ సూత్రం e^(-mL) వాడితే తప్పు 5.5 డిగ్రీలే వస్తుంది, అసలుదానిలో సగం. ఫిన్ మొత్తంగా ఎంత వేడి లాగుతుందో తెలుసుకోవడానికి ఆ సూత్రం ఇక్కడ బాగానే పనికొస్తుంది. మొన వేడికి మాత్రం పనికిరాదు. అనంతమైన ఫిన్‌లో వేడి L దాటి కూడా వచ్చి చేరుతుంది, మన కాడ అక్కడితో అయిపోతుంది.

నిజమైన గాలి వేడి తెలియనప్పుడు లెక్కను తిప్పి వేయండి. థర్మోవెల్ మొదట్లో, లాగింగ్ కింద, పైపు గోడకు ఒక థర్మోకపుల్ అంటించి Tw తీసుకోండి.

```
Tf = (Tt*cosh(mL) - Tw) / (cosh(mL) - 1)
```

మొన 139, గోడ 70 అయితే 150 వస్తుంది. అయితే h విలువను 25 శాతం అటూఇటూ చేస్తే జవాబు 147 నుంచి 156 దాకా కదులుతుంది. కాబట్టి ఈ అంకెను హెచ్చరికగానే తీసుకోండి. 11 డిగ్రీలను కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్‌గా పెట్టొద్దు. వాన తగ్గి గోడ వేడెక్కగానే అదే ఆఫ్‌సెట్ ఎదురు తప్పవుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. హీటర్, గాలి వేగం మార్చకుండా థర్మోవెల్ బిగించిన పొట్టి గొట్టం నాజిల్‌నూ చుట్టూ ఉన్న గోడనూ పొడి గ్లాస్ వూల్‌తో చుట్టి, వాన తగలకుండా కప్పి, గంటసేపు రీడింగ్ చూడండి. మెల్లగా పైకి ఎక్కితే దొంగ కాడే.

పొడవు కొలిచేటప్పుడు ఫ్లాంజ్ నుంచి కొలవొద్దు. నాజిల్ మెడలో గాలి దాదాపు నిలిచిపోయి ఉంటుంది, ఆ భాగాన్ని L లో కలపకూడదు. లోడ్ తగ్గించే రోజుల్లో మరింత జాగ్రత్త కావాలి: గాలి సగమైతే h సుమారు 0.7 వంతుకు పడిపోతుంది, గోడ అదే 70 దగ్గరున్నా తప్పు 17 డిగ్రీలకు దగ్గరవుతుంది. చల్లని గోడ వైపు రేడియేషన్‌గా పోయే వేడి ఈ లెక్కలో లేదు, దాంతో తప్పు ఇంకా పెరుగుతుందే కానీ తగ్గదు.

శాశ్వతంగా సరిచేయాలంటే లాగింగ్ తర్వాత నా మొదటి ఎంపిక పొడవే. 75 మి.మీ. లోపలికి వెళితే mL 4 అవుతుంది, అదే తడి గోడతో తప్పు 3 డిగ్రీల లోపుకు వస్తుంది. సన్న పైపులో అంత చోటు లేకపోతే వంపు దగ్గర, ప్రవాహానికి ఎదురుగా బిగించండి. కానీ పొడవైన కాడ ప్రవాహంలో ఊగుతుంది. 1995 డిసెంబర్‌లో జపాన్‌లోని మోంజు రియాక్టర్‌లో సోడియం లీకైంది ఇలా కంపించి థర్మోవెల్ విరగడం వల్లే. కొత్త పొడవు ఖరారు చేసే ముందు ఏఎస్ఎంఈ పీటీసీ 19.3 టీడబ్ల్యూ ప్రమాణం ప్రకారం కంపనం లెక్క కూడా వేయించండి.