లాడ్జి వంటగది లైసెన్సు రెన్యువల్ – 3వ పాఠం: దరఖాస్తుకు జత చేసే వివరాలు

పోయిన పాఠంలో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైటులో లాగిన్ అయ్యి, వంటగదికి ఉండాల్సిన ఆహార లైసెన్సు గడువు చూసుకునే దాకా వచ్చాం. ఈసారి ఫారం కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే పని, అంటే దానికి తగిలించే కాగితాల సంగతి చూద్దాం. ఫారం నింపడం గంట పని. అది వెనక్కి తిరిగొచ్చిందంటే మాత్రం ఎక్కువసార్లు కారణం కాగితాలే, అందులోనూ ఒక కాగితంలో ఉన్నది ఇంకో దాంట్లో ఉన్నదానితో పొసగకపోవడమే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కాజీపేట స్టేషన్‌కు దగ్గర్లో పదహారు గదుల లాడ్జి, కింద అంతస్తులో వంటగది, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం, వంట మాస్టర్‌తో కలిపి నలుగురు పనివాళ్లు. లైసెన్సు గడువు 2025 సెప్టెంబరు 30. ముందుగా 14 అంకెల నంబరు చూడండి. మొదటి అంకె 1 అయితే అది లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్, ఈ పాఠం మొదటి రకానికి. తర్వాతి రెండు అంకెలు 36 అంటే తెలంగాణ. ఇలాంటి వంటగదికి రాష్ట్ర లైసెన్సు ఫీజు ఏడాదికి 2000 రూపాయలు. గడువుకు 30 రోజుల ముందే వేస్తే, అంటే ఆగస్టు 31 లోపు వేస్తే అంతటితో సరి. ఆ తర్వాత వేస్తే రోజుకు 100 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది, సెప్టెంబరు 15న వేశారనుకోండి, అదే 1500. గడువు దాటాక కూడా పొయ్యి వెలిగిస్తే లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్టే లెక్క, కాబట్టి ఆ దాకా తెచ్చుకోకండి.

ఇక కాగితాలు. మొదట చిరునామా. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు గొడవ అందరికీ తెలిసిందే. మన ఉదాహరణలో లైసెన్సు మీద పాత నంబరుంది, ఎన్‌పీడీసీఎల్ కరెంటు బిల్లులో కొత్తది వస్తోంది, కిరాయి అగ్రిమెంటులో అసలు నంబరే లేదు, "స్టేషన్ రోడ్డు, ఫలానా హోటల్ పక్కన" అని రాసి వదిలేశారు. మనకు తెలుసు మూడూ ఒక్కటేనని, ఫైలు చూసే ఆఫీసర్‌కు ఎట్లా తెలుస్తుంది? కార్పొరేషన్ ఆస్తి పన్ను రసీదులో రెండు నంబర్లూ ఉంటే అదే జత చేయండి, లేకపోతే ఓనర్‌తో అగ్రిమెంటు కొత్తగా రాయించుకుని రెండు నంబర్లూ అందులో వేయించండి. అగ్రిమెంటు గడువు కూడా చూడండి. లైసెన్సు కోరే రోజుకే అది ముగిసి ఉంటే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

రెండోది వంటగది నక్ష. ఆర్కిటెక్ట్ గీసింది కావాలని భయపడేవాళ్లను చూశాను, స్కేలు పట్టి కొలతలతో నీట్‌గా గీస్తే చాలామందికి పని అవుతుంది. 14 అడుగులు × 12 అడుగుల గది అనుకోండి. పొయ్యి ఎక్కడ, కూరగాయలు కడిగే సింకు ఎక్కడ, గిన్నెలు తోమే చోటు ఎక్కడ, చేతులు కడుక్కునే బేసిన్ వేరుగా ఎక్కడ ఉంది, చెత్త డబ్బా, ఎగ్జాస్ట్ ఫ్యాన్, మురుగు ఎటు పోతుంది, సరుకుల గది తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ గుర్తించండి. మరుగుదొడ్డి తలుపు నేరుగా వంటగదిలోకి తెరుచుకోకూడదు, నక్షలో ఆ సంగతి కనిపించాలి. పోయినసారి వేసిన నక్షనే మళ్లీ వేయడం సులువే కానీ, మధ్యలో సింకు జరిపినా గోడ పడగొట్టినా తనిఖీకి వచ్చిన మనిషికి కాగితంలో ఒక గది, కళ్లెదురుగా ఇంకో గది కనిపిస్తుంది. మార్పు ఉంటే మార్పు ఉందనే చెప్పండి.

మూడోది నీళ్ల రిపోర్టు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, ఎందుకంటే ల్యాబ్‌కు టైం పడుతుంది, ఫెయిలైతే మళ్లీ మొదటికి రావాలి. మన లాడ్జికి మిషన్ భగీరథ నీళ్లు కొంత, బోరు నీళ్లు కొంత, రెండూ పైన ఒకే ట్యాంకులో పడతాయి. అప్పుడు శాంపిల్ బోరు దగ్గర కాదు, వంటకు వాడే నల్లా దగ్గరే పట్టాలి. మామూలు వాటర్ బాటిల్‌లో పట్టుకుపోతే ఆ ఫలితానికి విలువ లేదు. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబ్‌వాళ్లే స్టెరైల్ సీసా ఇస్తారు. నల్లా రెండు మూడు నిమిషాలు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టుకుని, పైన కాస్త ఖాళీ ఉంచి నింపాలి. ఐస్ డబ్బాలో పెట్టి ఆ రోజే అందించాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో కోలిఫాం, ఈ.కోలి రెండూ కనబడకూడదు. మన బోర్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువ ఉండే చోట్లు ఉన్నాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ హద్దు 45.

రిపోర్టులో కోలిఫాం ఉందని వచ్చి, రసాయనాలు బాగానే ఉన్నాయంటే ముందు ట్యాంకును అనుమానించండి. ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న బురద తీసి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, మూత సరిగా పడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే మళ్లీ శాంపిల్ ఇవ్వండి. అదే ఫ్లోరైడ్ ఎక్కువైతే ట్యాంకు కడిగినా ఏం లాభం లేదు, నీళ్లే మార్చాలి లేదా శుద్ధి యంత్రం పెట్టాలి. ఇంకోటి, రిపోర్టు మీద లాడ్జి పేరు, చిరునామా, "వంటగది నల్లా" అన్న మాట ఉండేట్టు శాంపిల్ ఇచ్చేటప్పుడే రాయించుకోండి.

పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు ఏడాదికోసారి కొత్తవి కావాలి, టైఫాయిడ్ టీకా వివరం కూడా అందులో ఉండాలి. వంట మాస్టర్ మారి ఉంటే పాత పేరు తీసేసి కొత్తాయనది పెట్టండి.

ఇవన్నీ చేతికొచ్చాక, పైన ఒక పేజీ వివరణ పెడితే ఫైలు చదవడం తేలికవుతుంది. ఇట్లా రాయవచ్చు:

"డెజిగ్నేటెడ్ ఆఫీసర్ గారికి. మా లాడ్జి వంటగది లైసెన్సు 30-09-2025తో ముగుస్తుంది, రెన్యువల్ కోరుతున్నాం. లైసెన్సులో ఉన్నది పాత ఇంటి నంబరు, కరెంటు బిల్లులో ఉన్నది కొత్త నంబరు, రెండూ ఒకే భవనానివని తెలిపే ఆస్తి పన్ను రసీదు జత చేశాం. గత లైసెన్సు తర్వాత గిన్నెలు తోమే సింకు తూర్పు గోడ నుంచి ఉత్తర గోడకు మార్చాం, కొత్త నక్షలో చూపించాం. నీళ్ల శాంపిల్ వంటగది నల్లా నుంచి తీసినది. నలుగురు పనివాళ్ల వైద్య ధ్రువపత్రాలు జత చేశాం."

మర్యాద మాటలు పెంచాల్సిన పని లేదు, ఎక్కడ తేడా కనిపిస్తుందో అక్కడ జవాబు ఉంటే చాలు.

ఫీజు కట్టాక 17 అంకెల అప్లికేషన్ నంబరు వస్తుంది, రాసిపెట్టుకోండి. foscos.fssai.gov.in లో స్టేటస్ వారానికి ఒకటి రెండు సార్లు చూడండి. అక్కడ Reverted అని కనిపిస్తే కొట్టేసినట్టు కాదు, ఏదో అడిగారన్నమాట. జవాబుకు 30 రోజులుంటాయి, పలకకపోతే దరఖాస్తు అక్కడితో ముగుస్తుంది. అడిగిన ఒక్క కాగితమే కాకుండా దాంతో ముడిపడ్డవీ సరిచూసి పంపండి. చిరునామా సరిచేసిన అగ్రిమెంటు పెట్టి, నక్ష మీద పాత నంబరే ఉంచితే మళ్లీ తిరిగొస్తుంది. తనిఖీ రోజు ఏం చూస్తారన్నది 4వ పాఠంలో.