బుట్టకమ్మల మీది నల్ల మచ్చను ఎలా పోగొట్టానంటే

హనుమకొండలో మా ఇంట్లోనే పట్టుదారపు గాజులు, బుట్టకమ్మలు తయారు చేసి అమ్ముతుంటాను. గాజుల ఫొటోలు బాగానే వచ్చేవి కానీ, బంగారు పూత ఉన్న బుట్టకమ్మల మీద ప్రతిసారీ ఒక నల్ల మచ్చ పడేది, కింద పరిచిన తెల్ల చార్టు బూడిద రంగులో కనిపించేది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆ మచ్చలో నా ఫోనూ, దాన్ని పట్టుకున్న నా వేళ్లూ కనిపించాయి. మెరిసే లోహం అద్దం వంటిది కనుక, ఎంత వెలుతురు వేసినా దాని ఎదుట ఉన్నదే అందులో కనిపిస్తుంది.

అందుకని ఒక తెల్ల డ్రాయింగ్ షీటుకు కెమెరా కన్ను పట్టేంత రంధ్రం చేసి, దాన్ని ఫోనుకు ముందు నిలబెట్టాను. పక్క కిటికీకి బటర్ పేపరు అంటించి, రంగులు కలగాపులగం కాకుండా ట్యూబ్‌లైటు ఆర్పేశాను. ఫోనును అడుగున్నర వెనక్కు జరిపి 2x జూమ్‌తో తీస్తే మచ్చ పోయింది, కమ్మ ఆకారం కూడా సాగలేదు.

చార్టు బూడిద రంగులోకి మారడానికి కారణం వేరు. తెలుపు ఎక్కువగా కనిపిస్తే, వెలుతురు ఎక్కువైందనుకుని ఫోనే ఫొటోను చీకటి చేస్తుంది. కమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్‌ను లాక్ చేసి, వెలుతురు గుర్తును కొద్దిగా పైకి జరపాలి. బుట్ట అంచున ఉన్న చిన్న పూసలు విడివిడిగా కనిపించకపోతే ఎక్కువ జరిపినట్టే.

అయితే చుట్టూ తెలుపే ఉంటే రాళ్లు జీవం లేకుండా కనిపిస్తాయి. రాళ్ల కమ్మలకు మాత్రం కిటికీకి ఎదురు వైపున, ఫ్రేములోకి రాకుండా, చిన్న నల్ల అట్టముక్క పెడుతున్నాను.