బాక్స్ సెట్టింగ్ మార్చాక స్క్రోలింగ్ అక్షరాలు తేటగా కనిపిస్తున్నాయి

మా 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో హెచ్‌డీ న్యూస్ ఛానల్ పెట్టినా కింద స్క్రోలింగ్‌లో ఒత్తులు, గుడులు అలుక్కుపోయినట్టు ఉండేవి. టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే 1280x720 అని వచ్చింది, సంగతి అక్కడే అర్థమైంది.

ఛానల్ వచ్చేది 1080iలో, ప్యానెల్ 1920x1080, మధ్యలో సెట్‌టాప్ బాక్స్ దాన్ని 720pకి కుదించి పంపుతోంది, టీవీ మళ్లీ సాగదీస్తోంది. కుదించినప్పుడు పోయిన సన్న గీతలు సాగదీస్తే తిరిగి రావు కదా!

బాక్స్ మెనూలో వీడియో సెట్టింగ్స్‌కి వెళ్లి రిజల్యూషన్ 1080i చేశాను (1080p ఉన్నా పర్వాలేదు, అప్పుడు సగం సగం గీతలుగా వచ్చే 1080i బొమ్మను పూర్తి ఫ్రేములుగా మార్చే పని టీవీకి బదులు బాక్స్ చేస్తుంది, రెండూ చూసి కదలిక ఏది సాఫీగా ఉంటే అది ఉంచుకోండి). అయినా ఛానల్ లోగో అంచు కొంచెం తెగిపోతోంది. అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తోంది. పిక్చర్ సైజులో Just Scan పెట్టాక (కొన్ని టీవీల్లో Screen Fit అని ఉంటుంది) ‘క్ష్మ’ లాంటి అక్షరం కూడా విడివిడిగా కనిపిస్తోంది.

ఎస్‌డీ ఛానళ్లు మాత్రం దీనివల్ల హెచ్‌డీ అయిపోవు. 1366x768 ప్యానెల్ ఉన్న 32 అంగుళాల టీవీలకు సరిగ్గా సరిపోయే సెట్టింగ్ బాక్సుల్లో మామూలుగా ఉండదు, అక్కడ 720p, 1080i రెండూ పెట్టి అక్షరాలు చూసి తేల్చుకోవాల్సిందే.